పాలోళ్లు లేని లెక్క

"పాలోల్లే లేరు. పాలెంత అంటే ఏం జెప్తం?"

జవాబు పత్రంలో ఈ వాక్యం చదవగానే నాకు ఒళ్లు మండింది. ప్రశ్న నేనిచ్చిందే: 6 ÷ 0 ఎంత, ఎందుకు? దానికి పాలవాళ్లు, పాలు!

నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. మునగాల మండలంలో ఒక సర్కారు హైస్కూల్లో లెక్కల టీచర్‌గా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కోదాడలో కిరాయి గది, రోజూ బస్సులో రాకపోకలు. సూర్యాపేటలో జిల్లా గణిత పోటీ ఉంది, బడికి ఒక్కరినే పంపాలి, పేరు ఆ సాయంత్రంలోగా వాట్సాప్‌లో పెట్టాలి. అందుకే ఎనిమిదో తరగతికి చిన్న పరీక్ష పెట్టాను. చివరికి ఇద్దరు మిగిలారు, క్లాస్ లీడర్ అబ్బాయి, రెండో బెంచీ అమ్మాయి. ఆఖరి ప్రశ్న దాకా ఇద్దరికీ సమానం. ఆఖరి ప్రశ్నకు అబ్బాయి "నిర్వచితం కాదు" అని పుస్తకంలో ఉన్నట్టే రాశాడు. అమ్మాయి రాసింది పైన చెప్పాను.

నా అనుమానానికి కారణం ఉంది. అంతకుముందే ఒకరోజు ఇంటర్వెల్‌లో వరండాలో నిలబడి, పాలలో నీళ్లు కలుపుతున్నాడని కోదాడ పాలవాడి మీద ఫోన్లో అరిచాను. పిల్లలు కిటికీల్లోంచి చూసి నవ్వుకున్నారు. ఇప్పుడీ అమ్మాయి దాన్ని జవాబు పత్రంలోకి ఎక్కించింది అనుకున్నాను. క్లాసులో పేపర్లు దిద్దుతూనే అబ్బాయి పేరు ఫోన్లో టైప్ చేసేశాను కూడా. కానీ పంపే ముందు ఆ అమ్మాయిని కడిగేయాలనిపించింది. స్టాఫ్ రూంకి పిలిపించాను.

"ఏంటిది? నన్ను వెక్కిరిస్తున్నావా?"

"లే మేడం. అది జవాబే."

"పాలవాళ్లు లేకపోవడం జవాబా? ఎవరు రాయమన్నారు?"

"ఎవ్వలు రాయమంటరు మేడం? నేనే రాసిన."

పక్క టేబుల్ దగ్గర సంతకాలు పెడుతున్న హెడ్మాస్టర్ తల ఎత్తి, కాగితం అడిగి తీసుకున్నాడు. ఆయనది సూర్యాపేట. చదివి, కళ్లద్దాలు తీసి పగలబడి నవ్వాడు.

"ఓ మేడం, పాలోల్లంటే పాలు పోసెటోల్లు కాదమ్మా! ఆస్తిల పాలు ఉన్నోల్లు. అన్నదమ్ములు, సిన్నాయిన కొడుకులు. పాలు అంటే వాటా. మీ సిటీల వాటాలు ఉండయా ఏంది?"

నాకు చెవులు వేడెక్కాయి. అయినా అనుమానం పోలేదు, దారి మార్చుకుంది. ఈ పెద్దమనిషి ఇంత తొందరగా వెనకేసుకొస్తున్నాడంటే ఏదో ఉంది.

"ఈ అమ్మాయి మీకేమవుతుంది సార్?"

"నాకా? ఏం గాదు. మా పాలోల్లు గూడ గాదు," అని ఇంకా నవ్వాడు.

సరే, ఎవరో చెప్పిపెట్టిన మాటైతే రెండు ప్రశ్నల్లో బయటపడుతుంది. ఆరు సుద్దముక్కలు టేబుల్ మీద పెట్టాను. "చూపించు."

అమ్మాయి వాటిని రెండు కుప్పలు చేసింది. "ఇద్దరు పాలోల్లయితే తలా మూడు. ఒక్కడే ఉంటే ఆరు ఆయనయే." మళ్లీ అన్నీ దగ్గరికి తోసింది. "ఇగ ఎవ్వలు లేరనుకోండ్రి. ఒక్కొక్కలకు ఎన్ని అని మీరు అడుగుతున్నరు. ఆ ఒక్కొక్కలు ఏడున్నరు మేడం?"

"ఎవరికీ ఏమీ రాలేదు కదా. అయితే సున్నా అని రాయొచ్చుగా?"

"నాకు సున్నా వచ్చింది అని ఏడ్వాలన్నా ఒక మనిషి ఉండాలె గద. ఆరుగురు ఉండి సుద్దముక్కలే లేకపోతే అప్పుడు తలా సున్నా. ఇది అది గాదు."

0 ÷ 6 కీ 6 ÷ 0 కీ తేడా ఇంత సూటిగా చెబుతుంటే నాకు ఇంకా అనుమానమే. బట్టీ కూడా ఇలాగే సాఫీగా ఉంటుంది. టేబుల్ కింద ఫోన్ తీసి 6 ÷ 0 కొట్టాను. ఒక యాప్ సున్నాతో భాగించలేం అంది, ఇంకోటి అనంతం గుర్తు చూపించింది. దేన్నీ నమ్మబుద్ధి కాలేదు.

"గుణకారంతో సరిచూడు," అన్నాను.

"ఆరును రెండుతోని భాగిస్తే మూడు, ఎందుకంటే మూడు రెండ్లు ఆరు. ఇగ సున్నాతోని భాగిస్తే వచ్చేదాన్ని సున్నాతోని గుణిస్తే ఆరు రావాలె. ఏ సంఖ్యను సున్నాతోని గుణించినా సున్నానే వస్తది. ఆరు ఏడికెల్లి వస్తది?"

ఇక ఒకటే దారి, పుస్తకంలో మేమింకా చేయని లెక్క ఇవ్వడం. అబ్బాయిని కూడా పిలిపించి ఇద్దరికీ కలిపి అడిగాను. "సున్నాను సున్నాతో భాగిస్తే?"

"ఒకటి!" అబ్బాయి వెంటనే అన్నాడు. "ఏ సంఖ్యనైనా అదే సంఖ్యతోని భాగిస్తే ఒకటే గద మేడం."

"సున్నా," అంది అమ్మాయి. మొదటిసారి గొంతులో తడబాటు వినిపించింది. అది నాకు నచ్చింది. చెప్పిపెట్టిన వాళ్లు తడబడరు.

"గుణించి చూడండి."

"ఒకటి సున్నాలు సున్నా. నాదే కరెక్ట్!" అని అబ్బాయి చెయ్యెత్తాడు.

"సున్నాను సున్నాతోని గుణిస్తే గూడ సున్నానే. నాది గూడ కరెక్టే."

"రెండు ఎట్ల కరెక్టయితయే?"

"రెండే గాదురా. ఐదు సున్నాలు సున్నా. వంద సున్నాలు సున్నా. నువ్వు ఏదన్నా చెప్పు, అది గూడ పనిచేస్తది." ఎవరితోనో కొట్లాడుతున్నట్టు కనుబొమలు ముడేసింది. "అన్ని పనిచేస్తే ఏది రాయాలె? ఆరుకేమో ఒక్కటి గూడ దొరకలే. దీనికేమో అన్ని దొరుకుతున్నయ్. రెండుట్ల గూడ ఇదే జవాబు అని చెప్పలేం. మేడం, ఇది గూడ నిర్వచితం కాదా?"

హెడ్మాస్టర్ పెన్ను మూత పెట్టి నా వైపు చూశాడు. నేను అబ్బాయిని అడిగాను. "నువ్వు రాసిన నిర్వచితం కాదు అనే మాటకు అర్థం ఏంటి?"

"పుస్తకంల అట్లనే ఉంది మేడం."

"ఎందుకుంది?"

వాడు అమ్మాయి వైపు చూశాడు. "అది ఇప్పుడే చెప్పింది గద," అన్నాడు రోషంగా. వాడి తప్పేం లేదు. 'ఎందుకు' అని ప్రశ్నలో రాసి, కారణం లేని జవాబుకు పూర్తి మార్కు వేసింది నేను.

ఆ మార్కులో సగం కొట్టేశాను. అమ్మాయి కాగితం మీద పూర్తి మార్కు వేశాను. వాడు మూతి ముడుచుకున్నాడు.

అమ్మాయి మాత్రం కదల్లేదు. "మేడం, సూర్యాపేటల దిద్దెటోల్లు గూడ మీ లెక్క సిటీ నుంచి వచ్చినోల్లయితే?"

మంచి అనుమానమే. "మొదటి లైన్లో నిర్వచితం కాదు అని రాయి. దాని కింద గుణకారం రాయి. ఆ తర్వాత పంచిపెట్టుకో, ఎవరికైనా."

"పాలోల్లు అని రాయొద్దా?"

"వాటాదారులు అని రాయి."

"ఆ మాట మా ఇంట్ల ఎవ్వలు అనరు."

"పోటీ మీ ఇంట్లో కాదు కదే!"

నేను ఫోన్ తీసి అబ్బాయి పేరు చెరిపేసి, ఆమె పేరు టైప్ చేశాను. పంపబోతుంటే అమ్మాయి టేబుల్ చుట్టూ తిరిగొచ్చి నా భుజం పక్కన నిలబడింది.

"ఏంటి, నమ్మకం లేదా?"

"ఇందాక క్లాసుల వేరే పేరు కొట్టిన్రు గద. వాడు చెప్పిండు."

వాడికెలా తెలుసో నేను అడగలేదు. స్క్రీన్ ఆమె వైపు తిప్పాను. పేరును ఒక్కో అక్షరం వేలితో చూపిస్తూ చదువుకుంది. "ఇంటి పేరు తప్పు వడ్డది మేడం. ఒక ఒత్తు తక్కువైంది."

ఒత్తు చేర్చాను. రెండోసారి చదివింది. తరగతి సరిగ్గా ఉందా చూసింది.

"ఇగ పంపుండ్రి," అంది.