అతిథి మర్యాద వ్యాసానికి ఆఖరి పేరా

హైదరాబాద్‌ల ఏ దిక్కు చూసినా కొత్త బిల్డింగులు లేస్తున్న రోజులవి. మా బీదర్‌ల పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడ దిగొచ్చు. చదువుకున్న పిల్లలు ఒక్కొక్కరే అటు పోతుండిరి. మా తమ్ముడు గూడ అట్లనే పోయిండు. కంప్యూటర్ కంపెనీల నౌకరి. మరదలిది గూడ అసువంటి నౌకరే. నేను మాత్రం ఇక్కడనే ఉన్న. ఊర్లనే చిద్రి దిక్కు ఇల్లు, ఆస్పత్రిల నర్సు పని.

మా చర్చి ఆడవాళ్ల సంఘం ఏడాదికొక పెద్ద కూటం పెట్టేది. జనవాడ నుంచి, బగ్దల్ నుంచి, ఇంకా చుట్టుపక్కల ఊర్ల నుంచి ఆడవాళ్లు వచ్చేటోళ్లు. పాటలు, ప్రార్థన అయినంక ఎవరో ఒకరు, ఇచ్చిన విషయం మీద వ్యాసం రాసుకొచ్చి చదవాలె. ఆ ఏడు నా వంతు వచ్చింది. విషయం అతిథి మర్యాద.

మా బీదర్ కర్ణాటకల ఉన్నది గనుక బడిల నేను చదివింది కన్నడ. తెలుగు అక్షరాలు మా అమ్మ బైబిల్ ముందట కూసోబెట్టి నేర్పింది. అందుకని తెలుగుల రాసినా నా వ్యాసం కన్నడ బడి పద్ధతిలనే నడిచేది. ముందు పీఠిక, నడుమ వివరణ, ఆఖరుకు ఉపసంహారం. పీఠికల ఏం చెప్పినమో అదే ఉపసంహారంల తిప్పి చెప్పాలని మాకు నేర్పిండ్రు. నాకు అది కష్టమనిపించలేదు. పైన ఉన్నది చూసుకుంట కింద రాసుడే కద.

రాసింది తీసుకొని టీచరమ్మ ఇంటికి పోయిన. ఆమె కన్నడ టీచరు పని చేసి రిటైరైంది. మా చర్చిల ఎవరు వ్యాసం చదవాలన్నా ముందు ఆమెకు వినిపించేది. ఆ పొద్దు వాకిట్ల పీటేసుకొని కందికాయలు ఒలుస్తుండె.

"చదువు బిడ్డా, చేతులు పని చేస్తయి, చెవులు ఖాళీగనే ఉన్నయి" అన్నది.

నేను చదివిన. "ఇంటికి వచ్చిన వారిని ఆదరించుట మన ధర్మము" అని మొదలు పెట్టిన. నడుమ రెండు సంగతులు చెప్పిన. ఒకటి బగ్దల్‌ల మా అమ్మ సంగతి. నేను పుట్టి పెరిగిన ఆ ఇంటికి ఎవరొచ్చినా అమ్మ జొన్నరొట్టె కొట్టేది, పుంటికూర పెట్టేది. గాజులమ్మే ఆమె ఒకతి ఎప్పుడొచ్చినా మా ఇంట్ల కూసొని తిని, "ఇంకో రొట్టె పెట్టమ్మా" అని అడిగేది. అమ్మ ముఖం అప్పుడు ఎట్ల వెలిగిపోయేదో రాసిన. రెండోది హైదరాబాద్‌ల మా తమ్ముడింటి సంగతి. నేను పోయిన నాడు మరదలు ఆఫీసు నుంచి వచ్చుకుంట కర్రీ పాయింట్‌ల ప్లాస్టిక్ పొట్లాలల్ల కూరలు కొనుక్కొచ్చింది. పొట్లాలు కత్తిరించి గిన్నెలల్ల పోసింది. పట్నంల అతిథి మర్యాద ఈడిదాక వచ్చిందని రాసిన. "కావున ఇంటికి వచ్చిన వారిని ఆదరించుట మనందరి ధర్మము అని తెలుపుచూ ముగిస్తున్నాను" అని కాగితాలు మడత పెట్టిన.

టీచరమ్మ ఇంకో కాయ ఒలిచింది. తర్వాత, "ఆఖరిది ఇందాక విన్న గద" అన్నది.

"ఉపసంహారం గద టీచరమ్మా. బడిల అట్లనే చెప్పిండ్రు."

"నేను గూడ అట్లనే చెప్పిన. పరీక్షల పిల్లలు ఏదో ఒకటి రాసి గట్టెక్కాలె గద. కాని నువ్వు పరీక్ష రాస్తలేవు." చాటల ఉన్న తొక్కలు పక్కకు నెట్టి, మళ్ల అన్నది. "నువ్వు మొదలు పెట్టినప్పుడు మాకు మీ అమ్మ తెల్వది. మీ తమ్ముడిల్లు తెల్వది. ఆఖరుకు వచ్చేసరికి రెండూ తెలిసినయి. తెల్వనోళ్లకు చెప్పిన మాటనే తెలిసినోళ్లకు మళ్ల చెప్తే, నడుమ చెప్పిందంతా ఎందుకు విన్నట్టు?"

 కాగితం ఇంటికి తెచ్చుకున్న.

ఆఖరి పేరా కొట్టేసి అక్కడ బైబిల్ వాక్యం ఒకటి పెట్టిన. అతిథుల మీద మంచి వాక్యమే. చర్చిల చదివేది గనుక ఇంతకన్నా ఏం కావాలె అనుకున్న. టీచరమ్మ విని, "వాక్యానికి వంక పెట్టను. కాని ఇది నీ వ్యాసంల పుట్టలేదు. అతిథుల మీద ఇంకెవరు రాసినా వాళ్ల వ్యాసం కింద అతికించినా అతుక్కుంటది" అన్నది.

ఇంకోసారి రాసిన. ఈసారి ఆస్పత్రిల పేషెంట్ల వెంట వచ్చి వరండాలల్ల పడుకునేటోళ్ల గురించి రాసిన. వాళ్లను గూడ మనం అతిథుల లెక్క చూడాలె, అన్నం పెట్టాలె అని. రోజూ చూసేదాన్ని గనుక మనసు పెట్టి రాసిన. టీచరమ్మ కండ్లజోడు తీసి, "ఇది మంచి సంగతి. వచ్చే ఏడు దీని మీదనే రాయి" అన్నది.

"అంటే ఇది గూడ పనికి రాదా?"

"ఇది కొత్త సంగతి బిడ్డా. దీనికి సొంతంగ ఒక వ్యాసం కావాలె. దుకాణం బంద్ చేసేటప్పుడు కొత్త మాల్ దించొద్దు. ఆఖరి మాట కొత్తగ ఉండాలె, కాని నువ్వు ఇప్పటిదాక చెప్పిన దాంట్ల నుంచే రావాలె."

"ఎట్ల వస్తది?"

"నడుమ రాసిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టుకొని చూడు. రాసేటప్పుడు నీకు తోచనిది ఏమన్న కనిపిస్తదేమో." అంతకన్నా ఏం చెప్పలేదు. లేచి చాయ పెట్టడానికి లోపలికి పోయింది. నాకు కొంచెం కోపం గూడ వచ్చింది. తెలిస్తే చెప్పొచ్చు గద అనుకున్న. ఆమెకు గూడ తెల్వదని, నేను రాసేదాక తెలిసే దారి లేదని అప్పుడు సమజ్ కాలేదు.

మర్నాడు సెలవు. బట్టలు ఉతుక్కుంట అదే ఆలోచన చేసిన. మా అమ్మ రొట్టె కొట్టింది, మరదలు పొట్లం తెచ్చింది. మా అమ్మ మంచిది, పట్నం చెడ్డది. నేను రాసిందాంట్ల అంతకు మించి ఏం లేదు. మరి తినేటోళ్లు? బగ్దల్‌ల తిన్నది గాజులామె. హైదరాబాద్‌ల తిన్నదెవరు? నేను. ఏం తిన్న? రెండు ముద్దలు. "ఆకలి లేదు" అన్న. ఆకలి ఉండె. మరదలు గిన్నె నా దిక్కు జరిపి, "కొంచెం వేసుకోండి వదినా, ఆలూ ఫ్రై బాగుంటది" అన్నది. "వద్దమ్మా" అన్న. ఆమె గిన్నె మళ్ల వెనక్కు జరుపుకున్నది. ఆ జరుపుకునుడు నేను వ్యాసంల రాయలేదు. చేతుల తడి బట్ట అట్లనే ఉన్నది, నేను బావి గోడ మీద కూసున్న.

లోపలికొచ్చి, మొదట నడుమ భాగంల నేను తినని సంగతి, ఆమె గిన్నె జరుపుకున్న సంగతి కలిపిన. తర్వాత ఆఖరి పేరా రాసిన. ఆ కాగితం ఇప్పటికీ ఉన్నది గనుక ఉన్నదున్నట్టు చెప్తున్న:

"మనం పెట్టుడు నేర్చుకున్నం. ఇప్పుడు మన పిల్లలు పట్నంల ఇండ్లు పెట్టుకున్నరు. ఆ ఇండ్లల్ల అతిథులం మనమే. వాళ్లకు ఏది కుదిరితే అది పెడ్తరు. మా అమ్మ ఇంట్ల మర్యాద అంతా మా అమ్మదే అనుకున్న. కాదు. సగం, ఇంకో రొట్టె అడిగినామెది."

టీచరమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకున్నది. "ఇదే మాట మొదట్ల పెడితే ఎవరికన్న సమజ్ అయితుండెనా?" అని అడిగింది.

"కాదు. గాజులామె ఎవరో తెల్వదు గద."

"అయితే ఇది ఆఖర్ల ఉండాల్సిందే." పెన్ను తీసుకొని, అలవాటు కొద్దీ నేను కింద రాసుకున్న "అని తెలుపుచూ ముగిస్తున్నాను" మాత్రం కొట్టేసింది. "ముగిసిందని వాళ్లకే తెలుస్తది" అన్నది.

కాని కూటంల ఎవరికీ వెంటనే తెల్వలేదు. నేను చదివి ఆపిన. అందరు నా దిక్కే చూస్తుండిరి. ముగిస్తున్నాను అనలేదు గనుక చప్పట్లు ఎప్పుడు కొట్టాల్నో వాళ్లకు తోచలేదు.  అప్పుడు జనవాడ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, ముందు వరుసల చాప మీద కూసున్నామె, గట్టిగనే అడిగింది.

"అయితే ఆ పొట్లాల కూర తినాల్నా మేము?"

హాలంత నవ్వింది. నేను గూడ నవ్విన. "తినాలె అవ్వా" అన్న.

"మా కోడలు పొద్దున బ్రెడ్డు పెడ్తది. దానికి గూడ ఇంకోటి అడగాల్నా?"

"నేను అడిగిన ఒకసారి" అని వెనక నుంచి ఎవరో అన్నరు. "మా కోడలు నాకు జరం వచ్చిందనుకున్నది." మళ్ల నవ్వులు. ఇంకొకామె లేచి, అంత సులువుగ చెప్తున్నవు గాని, మనం పోతే కొంచెం తొందరగ ఇంటికి రావద్దా పిల్లలు అన్నది. అది గూడ నిజమే అన్న. వేరే ఏండ్లల్ల వ్యాసం అయిపోంగనే చప్పట్లు కొట్టి చాయ దిక్కు పోయేటోళ్లు. ఆ ఏడు చాయ గ్లాసులు పట్టుకొని గూడ అదే ముచ్చట. టీచరమ్మ ఒక మూలకు కూసొని వింటుండె. నా దిక్కు చూసి తల ఊపింది, అంతే.

తర్వాత కొన్ని నెలలకు మళ్ల హైదరాబాద్ పోయిన. ఈసారి మరదలు పొట్లాలు గూడ తేలేదు, నేను వచ్చేది ఆమెకు గుర్తు లేదు. ఏదో పని ఒత్తిడి. తలుపు తీసి నన్ను చూసి ముఖం చిన్నగ చేసుకున్నది.

"ఇంట్ల ఏం లేదు వదినా" అన్నది.

"గుడ్లు ఉన్నయా?"

"ఉన్నయి."

"అయితే అట్టెయ్యి. నాకు మస్తు ఆకలైతున్నది."

ఆమె ముందు నమ్మలేదు. తర్వాత ఉల్లిగడ్డ కోసుకుంట, ఆఫీసుల తన పై అధికారి ఎట్ల సతాయిస్తున్నదో చెప్పుడు మొదలు పెట్టింది. పెండ్లైన ఇన్నేండ్లల్ల ఆమె నాతోని అంతసేపు మాట్లాడింది అదే మొదలు. వ్యాసం సంగతి నేను చెప్పలేదు. చెప్పాలని అనిపించలేదు గూడ.

ఆ ఎండాకాలం ఆమే బీదర్ వచ్చింది. తమ్ముడికి సెలవు దొరకలేదని ఒక్కతే వచ్చింది. అన్నం తిన్నంక ఎప్పటి లెక్క గిన్నెలు తోముతనని నా వెంట పడలేదు. లోపలి అర్రల చాప పరుచుకొని, ఫ్యాను కింద ఒరిగి, ఒక మాట చెప్పుకుంటనే నిద్రపోయింది. నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్ల లెక్క. నేను తలుపు దగ్గరికి వేసి, ఎండ రాకుండ పరదా గుంజిన. సాయంత్రం దాక ఆమెను ఎవరినీ లేపనియ్యలేదు.