చచ్చినట్టు కలొస్తే

వాన వెలిశాక తడి గోనెసంచి వాసన తగిలితే చాలు, తార్నాకలో మా రెండు గదుల ఇల్లూ, అరుగు మీద సంచిలో ముడుచుకుని పడుకునే మోతీ గుర్తొస్తాయి. అరవైల చివర్లో మా నాయన యూనివర్సిటీలో గుమాస్తా. సాయంత్రం ఆయన సైకిల్ క్యాంపస్ గేటు దాటకముందే ఆ గోధుమరంగు ఊరకుక్క చెవులు నిక్కించి రోడ్డెక్కేవాడు. సెలవుల్లో ఇంటి దగ్గరి బండల మధ్య దాగుడుమూతలాడితే ఎవరెక్కడ దాక్కున్నారో చూపించేసి ఆట చెడగొట్టేవాడు. వాణ్ణి తిట్టని పిల్లలు లేరు, సీతాఫలం గుజ్జు వాడికి నాకించని పిల్లలూ లేరు.

నా ఎనిమిదో ఏట బతుకమ్మ పండుగకు నాయనమ్మ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద ముందు పెడితే మోతి వాసన కూడా చూడలేదు. సత్తుగిన్నెలో పొద్దున పోసిన నీళ్లు అలాగే ఉన్నాయి. రెండూ చూశాను, ఆటల్లో పడి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు తెల్లవారుజామున మోతి చచ్చిపోయినట్టు కల. ఏడుస్తూ చెబితే నాయనమ్మ నవ్వింది.

“పిచ్చిదానా, గట్ల కలొస్తే ఆయుష్షు పెరుగుతది. ఏడ్వకు.”

ప్రాణం లేచొచ్చింది. గిన్నె సంగతి నాయనకు చెబితే పశువుల దవాఖానకు తీసుకుపోయేవాడేమో. నా కలతోనే వాడికి ఆయుష్షు వచ్చిందనుకుని ఊరుకున్నాను. మూడోనాడు బండల వెనక దొరికాడు, చీమలు పట్టి. నాయన అక్కడే గుంట తీసి పూడ్చాడు.

పగలు నా కళ్లు చూసినా నేను పట్టించుకోనిదాన్ని నిద్ర పట్టించుకుందని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పట్లో మాత్రం నేనే చంపానని నమ్మాను.

మొదట్లో కలలే రాలేదు. మెలకువ వచ్చే వేళకు అరుగు మీద గోళ్ల చప్పుడు స్పష్టంగా వినిపించేది, తలుపు తీస్తే ఖాళీ. తర్వాత వెతుకులాట కలలు మొదలయ్యాయి. మెట్టుగూడ దాకా పిలుస్తూ పోతాను. ఇంకొన్నిటిలో తోక ఊపుతూ ఎదురొస్తాడు. వాడు పోయాడని నాకు తెలుసు, వాడికి తెలియదు, చెప్పే ధైర్యం లేదు. ఒక్కోసారి ఎముకల గూడై గుమ్మంలో నిలబడతాడు, నెలల తరబడి తిండి పెట్టడం మరిచానని అప్పుడు గుర్తొస్తుంది. లేచాక క్షణంపాటు అంతా కలేనని సంతోషం, వెంటనే వాడు నిజంగానే లేడని తెలిసి మళ్లీ ఏడుపు. పెళ్లయ్యాక కూడా పిల్లలకు జ్వరమొచ్చిన ప్రతిసారీ కలలోకి మోతే వచ్చేవాడు.

ఇప్పుడా బండలు పగలగొట్టి భవనాలు కట్టారు, మా ఇంటి చోట దుకాణాలు వెలిశాయి. కలలు కూడా పలచబడి, పలచబడి ఆగిపోయాయి. పీడ వదిలిందంటారు మా ఆయన. వాడు నా ఎదుటికి వచ్చేది ఆ కలల్లోనే. అన్నేళ్లు వచ్చినా, తప్పు నాదేనని ఒక్కసారి కూడా నేను వాడితో అనలేదు.