చెదల మందు, మా అన్నయ్యగారు

చల్లపల్లిలో మేము అద్దెకున్న ఇంట్లో పడకగది తలుపు మెల్లగా వేయాలి. గట్టిగా వేస్తే ద్వారబంధంలోంచి సన్నటి మట్టి రాలేది. ఒకరోజు గోడలోని చెక్క అలమర తలుపు లాగితే అట్టముక్కలా చేతిలోకి ఊడొచ్చింది. లోపల నా పెళ్లి పట్టుచీర మడతల నిండా చెదలు. ఆ చీర ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే మా ఆయన "ఇంకోటి కొందాంలే" అన్నారు, పెళ్లి కూడా ఇంకోటి చేసుకుందాం అన్నంత తేలిగ్గా.

అందుకే కాలవ పక్కన మా సొంత స్థలంలో ఇల్లు మొదలుపెట్టినప్పుడు నేను వంటగది ఎంత ఉండాలో కూడా అడగలేదు. చెదల మందు సరిగ్గా పడాలి, అంతే అన్నాను.

కట్టించేది మా ఆడపడుచు భర్త. గుడివాడలో ఉంటారు, ఇళ్లు కట్టించడమే ఆయన వృత్తి. వరసకి నాకు అన్నయ్య. బయటి మనిషయితే "ఏదీ, డబ్బా చూపించండి" అని అడగొచ్చు. అన్నయ్యని పనివాళ్ల ముందు అలా అడిగితే వదినకి కోపం వస్తుంది. వదినకి కోపం వస్తే మా ఆయనకి ముద్ద దిగదు. పోనీ ఇంకొకరికి పని ఇద్దామా అంటే ఆ మాట ఎత్తే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఇల్లు ఇంకా లేవకముందే నాలుగు గోడల మధ్య ఇరుక్కుపోయాను.

పునాది గుంతలు తీసినప్పుడు అంతా సవ్యంగానే జరిగింది. కాంక్రీటు పోయకముందే బందరు నుంచి మందు కొట్టే ఆయన వచ్చారు. డబ్బా సీలు చూశాను, గడువు తేదీ చూశాను, డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే నీళ్లలో కలిపారో లేదో చూశాను. గుంతల అడుగునా పక్కలా తడిసేదాకా కొట్టారు. మళ్లీ ఎప్పుడని అడిగాను.

"గుంతలు పూడ్చేటప్పుడు గోడల పక్కన పోసే మట్టికి కొడతామండి. తర్వాత బేస్‌మెంట్ బుసకతో నింపి, బాగా అణిగాక, నేలకి కాంక్రీటు బెడ్డు వేసేముందు పైనంతా. ఇల్లు పూర్తయ్యాక బయట గోడ చుట్టూ. మధ్యలో ఎవరన్నా తవ్వితే ఆ చోట మళ్లీ కొట్టాల్సిందేనండి. వాన పడే రోజు మాత్రం వద్దు."

"మా చెల్లెమ్మ ఇంజనీరింగ్ చదవాల్సింది" అన్నారు అన్నయ్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చేసేదేముంది.

బేస్‌మెంట్‌లో బుసక తోలించారు. కాలవగట్టున దొరికే ఆ మెత్తటి ఇసకమట్టి కొత్తగా పోస్తే పొంగి ఉంటుంది. నీళ్లు పెట్టి, దిమ్మిసతో కొట్టి అణచాలి. ఆ తర్వాతే మందు. ఆ రోజున నేను అక్కడ ఉండాలని ముందే చెప్పుకున్నాను. తీరా సరిగ్గా అదే రోజున వదిన మనవడికి మోపిదేవిలో పుట్టువెంట్రుకలు పెట్టారు.

"మనవడి మొక్కు కన్నా నీకు పురుగుల మందు ఎక్కువైందా?" అంది వదిన. వెళ్లాను. పుట్టలో పాలు పోస్తూ, పుట్టలు పెట్టే పురుగుని చంపించే రోజున వచ్చాను, మన్నించు స్వామీ అనుకున్నాను. మనసంతా మా స్థలంలోనే ఉంది.

సాయంత్రం తిరిగొస్తూ దారిలో మా స్థలం దగ్గర కారు ఆపించాను. అన్నయ్య, వదిన, మా ఆయన, అందరం దిగాం. నా చేతిలో ప్రసాదం పొట్లం. బేస్‌మెంట్ నిండా నీళ్లు నిలిచి ఉన్నాయి. కాలవలోంచి మోటారు ఇంకా పోస్తూనే ఉంది.

"మందు కొట్టారా?" అని మేస్త్రిని అడిగాను.

"పొద్దున్నే కొట్టేశారండీ. ఆయన వెళ్లాక నీళ్లు పెట్టాం. రేపు బెడ్డు కదా, బుసక అణగాలిగా."

పొద్దున పట్టించిన మందు మీద కాలవ తెచ్చి పోశారు. ఇంకేం మిగిలుంటుంది? అన్నయ్య వైపు చూశాను. ఆయన ఫోన్ చూసుకుంటున్నారు. "మనవాళ్లు ఎప్పుడూ ఇలాగే కడతారమ్మా" అంది వదిన. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని కారెక్కించారు. రేపు పొద్దున బెడ్డు పడిందంటే దాని కింద ఏముందో ఇక ఎవరూ చూడలేరు. బతికినన్నాళ్లూ తలుపులు మెల్లగా వేసుకుంటూ ఉండాలి.

మర్నాడు అందరికన్నా ముందు వెళ్లి, తడి బుసక మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కుర్చీ కాళ్లు దిగబడ్డాయి. పనివాళ్లు వచ్చి చుట్టూ గోడల మీద కూర్చున్నారు. మిక్సర్ వచ్చింది. నాకు భయమేసింది, సిగ్గేసింది, ఏడుపొచ్చింది. లేవలేదు.

అన్నయ్య వచ్చి గోడ మీద నుంచే అడిగారు. "ఏంటమ్మా ఇది? నా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉందన్నయ్యా. మందు కొట్టాక మోటారు పెట్టొచ్చో లేదో మీరే చెప్పండి. పెట్టొచ్చంటే ఇప్పుడే లేస్తాను."

ఆయన మేస్త్రి వైపు చూశారు, మిక్సర్ వైపు చూశారు. చివరికి "మిక్సర్ పంపించెయ్" అని మేస్త్రికి చెప్పి, బందరు ఆయనకి ఫోన్ చేశారు.

బుసక ఆరి, గట్టిపడ్డాక, దిమ్మిసతో మళ్లీ కొట్టారు. బాత్రూమ్ పైపులు ముందే వేయించారు, తర్వాత తవ్వే పని లేకుండా. ఇనప చువ్వతో జానెడు జానెడు దూరంలో బెజ్జాలు పొడిచి, చదరపు మీటరుకి ఐదు లీటర్ల లెక్కన మందునీళ్లు పోశారు. అవి ఇంకగానే ప్లాస్టిక్ పట్టా పరిచి, జాగు చేయకుండా బెడ్డు వేశారు.

నా ప్రాణం కుదుటపడింది కానీ శిక్ష అప్పుడే మొదలైంది. ఇసక లారీ వస్తే "చెల్లెమ్మని పిలవండి, చూసుకోవాలి". సిమెంటు బస్తా విప్పితే "చెల్లెమ్మని పిలవండి". వంట మధ్యలో వదిలి పరిగెత్తేదాన్ని. వదిన నాతో మాట్లాడడం మానేసింది, మా ఆయన అన్నం మానేశారు. గోడలు లేచేకొద్దీ నాకు ఊపిరాడేది కాదు.

చివర బయట గోడ చుట్టూ మందు కొట్టే రోజున విసుగొచ్చి వెళ్లలేదు. మధ్యాహ్నం మేస్త్రి ఫోన్ చేశాడు, పని ఆగిపోయిందని. వెళితే అన్నయ్య గోడ నీడలో ఒంటరిగా కూర్చున్నారు. ఒళ్లో సీలు తీయని డబ్బా.

"మూత నువ్వే తియ్యి" అన్నారు.

ఎత్తిపొడుపు అనుకుని నోరు విప్పబోయాను. ఆయన గొంతు తగ్గించారు. "గుడివాడలో మా ఇల్లు కూడా మందు కొట్టాక నీళ్లు పెట్టి కట్టిందేనమ్మా. దేవుడి గది ద్వారబంధం లోపలంతా డొల్ల. లప్పం పెట్టి, పైన పెయింట్ వేయించాను. మీ వదినకి తెలీదు. చెప్పకు."

నేను మూత తీశాను.

గృహప్రవేశం రోజున వదిన వచ్చింది, అన్నాళ్ల తర్వాత మొదటిసారి నోరు విప్పింది. బంధువులందరి ముందు మా కొత్త ద్వారబంధం మీద చెయ్యి వేసి, "ఇంత గోల అవసరమా? మా ఇల్లు చూడండి, ఆయన చేత్తో కట్టింది, ఒక్క చెదపురుగు ఉందేమో!" అంది.

విస్తరి ముందు కూర్చున్న అన్నయ్య ముద్ద చేతిలోనే పట్టుకుని నా వైపు చూశారు.

"లేదొదినా, మీ ఇంటికేం" అన్నాను, ఆయన విస్తట్లో ఇంకాస్త పులిహోర వేస్తూ.