నడుమ గుంట పడని కేకు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆగస్టులో నేను జాబ్రియాలో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. ఇంటి యజమాని పెళ్లాంపిల్లలతో ఎండాకాలం సెలవులకని నెల ముందే ఈజిప్టు వెళ్లాడు. వంటమనిషిని కూడా వెంట తీసుకెళ్లారు. ఇంట్లో మిగిలింది యజమాని తల్లి, నేను. ఆవిడను నేను మామా అనేదాన్ని, అంటే అమ్మ. అక్కడ పనివాళ్లు ఇంటి ఆడవాళ్లను అలాగే పిలుస్తారు. మామాకు మోకాళ్లు పట్టేసి కర్ర లేకుండా అడుగు పడేది కాదు. నా పాస్‌పోర్టు ఆవిడ ఇనుప బీరువాలో ఉండేది. బీరువా తాళంచెవి ఆవిడ మెడలో ఉండేది. దేశం ఒక్క పూటలో చేతులు మారింది కానీ ఆ తాళంచెవి మాత్రం మెడ మారలేదు.

సెప్టెంబరు వచ్చేసరికి మా కడప వాళ్లు గుంపులు గుంపులుగా బయలుదేరుతున్నారు. బస్సులో బాగ్దాదు, అక్కడి నుంచి జోర్డాను, ఆ తర్వాత విమానం. ఫహాహీల్‌లో గ్యారేజీలో పనిచేసే మా మరిది వరస అతను ఫోన్ చేశాడు. ఊరికి ఫోన్లు తెగిపోయినా కువైట్ లోపల మాత్రం మోగుతూనే ఉండేవి.

"వదినా, వచ్చే శుక్రవారం తెల్లారి బస్సు. నీకూ ఒక సీటు చెప్పినా. పాస్‌పోర్టు చేతిలో ఉండాల. లేకుంటే మధ్యలోనే దింపేస్తారంట."

"ముసలామె ఒకతే ఉంది కదప్పా. ఎట్లా ఇడిసిపెట్టి వచ్చేది?"

"ఆమెకు తోడబుట్టినోళ్లు లేరా? నువ్వేమన్నా ఆమె కోడలివా? ఈ బస్సు పోతే మళ్లా ఎప్పుడో నాకు తెల్దు."

తోడబుట్టినవాళ్లు లేకేం, ఎగైలాలో సొంత చెల్లెలుంది. ఇంటినిండా మనుషులు. వచ్చి తమ దగ్గర ఉండమని రోజూ ఫోన్ చేసేది. మామా రోజూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. నేను బస్సు సంగతి చెప్పిన రోజు ఆవిడ చాలాసేపు తస్బీ జపమాల పూసలు తిప్పుతూ కూర్చుని, ఆఖరికి ఒక షరతు పెట్టింది.

"చెల్లెలింటికి ఖాళీ చేతులతో పోను. కేకు తీసుకుపోవాలి. ముప్పై ఏళ్ల కింద నేను తీసుకెళ్లిన కేకు నడుమ గుంట పడితే, 'ఇందులో నీళ్లు పోసి పావురాలకు పెడదామా' అంది. అందరూ నవ్వారు. నాకిప్పుడు చేతులు ఆడవు. నువ్వు చెయ్యి. గుంట లేని కేకు చేసిన రోజు నేను దాని ఇంటికి పోతాను, నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతాను. ఖలాస్."

బయట వీధి చివర ట్యాంకు నిలబడి ఉంది. లోపల మేమిద్దరం పావురాల గురించి మాట్లాడుకుంటున్నాం. అయినా షరతు తేలికే అనిపించింది. ఒక కేకు ఎంతలే అనుకున్నాను.

అది గుడ్లు, చక్కెర నురగ వచ్చేదాకా కొట్టి, పిండి కలిపి, ఏలకులు, కుంకుమపువ్వు వేసి, పైన నువ్వులు చల్లి చేసే కేకు. కువైటీల ఇళ్లలో సాయంత్రం టీకి అది ఉండాల్సిందే. కేకుకు నాలుగు గుడ్లు. జమియా అనే వీధి దుకాణం ముందు గుడ్ల కోసం తెల్లవారకముందే వరసలో నిలబడాలి.

మొదటిసారి మామా కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను చేశాను. పొంగడానికి వేసే పొడి ఒక చెంచా అంది. మా ఊళ్లో బోండాలు గట్టిగా వస్తే ఇంకాస్త సోడా వేస్తాం. ఒక చెంచాకు పొంగేది మూడు చెంచాలకు మూడింతలు పొంగదా అని, ఆవిడ చూడనప్పుడు మూడు వేశాను. కేకు నిజంగానే డబ్బా మీదికి టోపీలా లేచింది. బయటికి తీసేసరికి టోపీ లోపలికి పడిపోయి ఉంది. ముక్క తుంచి చూస్తే లోపలంతా పెద్ద పెద్ద చిల్లులు, నోట్లో పెడితే సబ్బు.

"ఎన్ని వేశావు?" అంది మామా.

"ఒకటే మామా."

"ఒకటైతే బుడగలు చిన్నవిగా ఉండేవి. ఎక్కువైతే బుడగలు ఉబ్బి ఉబ్బి పగిలిపోతాయి. గోడలు ఆరకముందే మిద్దె లేపితే నిలుస్తుందా?"

ఎన్నో ఏళ్ల తర్వాత, యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకుని, అలాంటి పొడి డబ్బా ఒకటి తిప్పి వెనక రాసింది కూడబలుక్కుని చదివాను. చెంచా అంచుకు సమంగా ఒక్కటి అనే ఉంది. చదువు వచ్చి ఉంటే నాలుగు గుడ్లు మిగిలేవి.

రెండోసారి పొడి సరిగానే వేశాను. కానీ అన్నం వండేటప్పుడు మూత తీసి చూడటం చిన్నప్పటి నుంచి అలవాటైన చెయ్యి ఇది. ఆ ఓవెన్‌కు అద్దం లేదు, ఇనుప తలుపు. లోపల ఏమవుతోందో తెలియక ఐదు నిమిషాలకొకసారి తీసి చూశాను. తీసినప్పుడల్లా బాగానే ఉంది. నాలుగోసారి చూస్తే నడుమ కుంగి కూర్చుని ఉంది.

"అదేమన్నా పెళ్లికూతురా, మాటిమాటికీ తలుపు తీసి చూడటానికి?" అని మామా కర్రతో నేల పొడిచింది. "అంచులు డబ్బాకు ఆనుకుని ముందు గట్టిపడతాయి. నడుమ భాగం అన్నిటికంటే ఆలస్యంగా ఉడుకుతుంది. అప్పటిదాకా దానికి ఆ వేడి బుడగలే ఆసరా. చల్లగాలి తగిలితే బుడగలు ముడుచుకుంటాయి. ఇంకేముంది, పావురాల తొట్టి."

మూడోసారి తలుపు ముట్టలేదు. తొందరగా కావాలని మంట మాత్రం పెద్దది చేశాను. పైన బెల్లం రంగు రాగానే అయిపోయిందనుకుని తీశాను. కళ్ల ముందే నడుమ మెల్లగా దిగబడింది. లోపల పచ్చిపిండి.

"పైన రంగు చూసి నమ్మకు. సన్నటి పుల్ల నడుమలో గుచ్చితే పొడిగా రావాలి. వేలితో నొక్కితే మళ్లీ పైకి లేవాలి. అంచులు డబ్బాను వదలాలి. అప్పుడు తియ్యి," అంది మామా.

కుంగినవేవీ మేము పారేయలేదు. గుంటలో ఖర్జూరం పాకం పోసుకుని తిన్నాం. బయట జనం రొట్టె కోసం వరసల్లో ఉంటే మేము మూడు పూటలా కేకు తిన్నాం.

బుధవారం నాలుగోది. పొడి ఒక్క చెంచా. ఓవెన్ ముందే వేడి చేశాను. పిండి కలిపిన వెంటనే లోపల పెట్టాను. మంట నడిమిది. గోడ గడియారంలో పెద్దముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకున్నాను. పావుగంట కాగానే మామా అంది: "మిద్దె మీద బట్టలు ఎండి ఉంటాయి, తెచ్చుకో. నేను కూర్చుని చూస్తుంటాలే."

మిద్దె మీది నుంచి వీధంతా కనబడేది. ఆ చివర ట్యాంకు తప్ప పిల్లి కూడా లేదు. బట్టలు మడిచి కిందికి వచ్చాను. టైము అయ్యాక తీసి చూస్తే కేకు నడుమ అరచెయ్యంత గుంట.

"తలుపు ఎవరైనా తీశారా మామా?"

"జుండీలు వచ్చారు," అంది. సైనికులను అలా అనేవాళ్లం. "అన్నీ తెరిచి చూసి పోయారు."

గేటు గడియ నేను వేసింది వేసినట్టే ఉంది. మామా కర్ర ఓవెన్‌కు ఆనించి ఉంది. మామా మాత్రం గదికి ఆ చివర కుర్చీలో ఉంది, ఇంకా రొప్పుతోంది.

"ఎంతమంది వచ్చారు మామా?"

"ఇద్దరు."

"టీ అన్నా తాగకపాయిరే."

"తొందరలో ఉన్నారు," అంది తస్బీ తిప్పుతూ.

ఆ రోజుల్లో ఏది పోయినా, ఏది పాడైనా వాళ్ల మీద వేయడం సులువు. ఎవరూ వెళ్లి అడగరు కదా. నేను కర్ర తెచ్చి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ తీసుకుంది. ఆ మాట అక్కడితో ఆగింది. ఉండిపొమ్మని ఒక్క మాట అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు. ఆవిడ అడగలేదు. తలుపు తీసింది, అంతే.

మర్నాడు గురువారం. మిగిలినవి నాలుగే గుడ్లు. కేకు లోపల పెట్టి, ఓవెన్ ముందు పీట వేసుకుని కూర్చున్నాను.

"బట్టలు తేవా?" అంది మామా.

"ఎండనీ మామా."

"చెట్లకు నీళ్లు?"

"పొద్దున పోసినా."

"ఎవరో గేటు కొడుతున్నారు చూడు."

"ఎవ్వరూ కొట్టడంల్యా మామా."

అప్పుడే గేటు దబదబా మోగింది. మామా ముఖం చూస్తే నాకంటే ఆవిడే ఎక్కువ ఆశ్చర్యపోయినట్టు ఉంది.

ముగ్గురు జుండీలు. పెద్దవాడికి నెరిసిన మీసాలు. గదులు, బీరువాలు, మంచాల కింద, బియ్యం బస్తా, ఫ్రిజ్ అన్నీ చూసి వంటింట్లోకి వచ్చాడు. నన్ను పక్కకు జరగమని తుపాకీతో సైగ చేసి ఓవెన్ పిడి మీద చెయ్యి వేశాడు. గడియారం చూశాను. లోపల పెట్టి ఇరవై నిమిషాలే అయింది.

కర్ర టపీమని నేల మీద పడింది. అది లేకుండానే మామా లేచి వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"చెయ్యి తియ్యి!"

"లోపల ఏముంది?"

"కేకు."

"తెరువు."

"తెరిస్తే కుంగిపోతుంది. మీ అమ్మ నీకు ఎప్పుడూ కేకు చేసి పెట్టలేదా? ఇంకో పావుగంట పడుతుంది. కూర్చో."

అతను ఆవిడను చూశాడు, ఓవెన్‌ను చూశాడు, వాసన పీల్చాడు. నా పీట మీద కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ గోడకు ఆనుకున్నారు. ఐదుగురం ఇనుప తలుపును చూస్తూ ఉండిపోయాం. టైము కాగానే నేను తీశాను. పుల్ల పొడిగా వచ్చింది. వేలితో నొక్కితే లేచింది. అంచులు డబ్బాను వదిలాయి. అతను వంగి ఓవెన్ లోపలంతా చూసుకుని, ఒక ముక్క పెట్టమన్నాడు.

"వేడి కేకు కోయకూడదు," అంది మామా. "చల్లారాక రా."

అతను రాలేదు. పోతూ పోతూ గుడ్లు కొట్టే మిషన్ పట్టుకుపోయారు.

మేమిద్దరం కేకు ముందు కూర్చున్నాం. నేను అది కుంగకూడదని చూస్తున్నాను. మామా ఎందుకు చూస్తోందో అడగలేదు. చల్లారింది. గుంట పడలేదు. తాను చేసిన పని మామాకు అప్పుడు తెలిసినట్టుంది. కర్ర కోసం చెయ్యి చాచింది.

"ఆ జుండీని తియ్యనిచ్చి ఉండాల్సింది," అంది. మెడలో తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

సాయంత్రం చెల్లెలి కొడుకు కారు తెచ్చాడు. ఎగైలాలో చెల్లెలు కేకు చుట్టూ తిరిగి చూసింది, నడుమ వేలితో నొక్కింది, నొక్కిన చోట మళ్లీ లేవడం చూసి మూతి ముడిచింది.

"ఎవరు చేశారు?"

"నేనే," అంది మామా. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు గనుక నేను ఊరుకున్నాను.

ఎగైలా నుంచి ఫహాహీల్ దగ్గరే. అదే కారులో నన్ను మరిది గదికి పంపారు. బయలుదేరేటప్పుడు మామా ఒక కాగితం పొట్లం నా చేతిలో పెట్టింది. మర్నాడు బస్సులో పాస్‌పోర్టు రవికెలో భద్రంగా ఉందో లేదో తడిమి చూసుకుని పొట్లం విప్పాను. అంచు ముక్క. నడుమ ముక్క చెల్లెలికి పెట్టి ఉంటుంది. ముప్పై ఏళ్లు ఎదురుచూసింది దానికే కదా.