బత్తెం లేని ఉద్యోగం

పట్టాలు మార్చిన ప్రతిసారీ శంకరప్ప వంగి, అవి కలిసిన చోట చూపుడువేలు పెట్టి చూసేవాడు. వేలు దూరకపోతేనే బండికి దారి.

రిలీఫ్ పాయింట్స్‌మన్ అతను. ఎవరైనా సెలవు పెడితే వాళ్ళ బదులు వారం హిందూపురంలో, వారం ధర్మవరంలో పని. ఇల్లు పెనుకొండలో. ఊరు విడిచి ఉన్న రోజులకు బత్తెం ఇచ్చేవారు. ఆ డబ్బుతో హిందూపురంలో చింతపండో బెల్లమో కొని, "నీ బత్తెం తెచ్చినా" అంటూ గుమ్మంలోనే భార్య నరసమ్మకు సంచి అందించేవాడు.

1961లో, రిటైరు కావడానికి మూడేళ్ళుండగా, ధర్మవరం సిగ్నల్ క్యాబిన్‌లో మీటలు లాగే లీవర్‌మన్‌గా ప్రమోషన్ వచ్చింది. బేసిక్ పది రూపాయలు పెరుగుతుంది. పని మాత్రం ఒక్కచోటే, కాబట్టి బత్తెం ఉండదు. వద్దని రాసివ్వడానికి ధర్మవరంలో జీతాల గుమాస్తా తిమ్మరాజు దగ్గరికి వెళ్ళాడు.

"ఏమప్పా శంకరప్పా, పెరిగే జీతం చేదా?"

"పెరిగేది యాడ సామీ? పదిచ్చి పదహైదు పెరుక్కుంటాండారు."

తిమ్మరాజు నవ్వి జీతాల పట్టీ తిప్పి చూపాడు. "నెలనెలా నీకు పి.ఎఫ్. పట్టేది దేనిమీద? బేసిక్ మీద. బత్తెం మీద ఎప్పుడన్నా పైసా పట్టినారా? దాని బిల్లే వేరు."

శంకరప్ప ఎన్నడూ గమనించలేదు. పదకొండేళ్ళుగా తెగకుండా వస్తున్నది జీతం కాక మరేమిటి? అదీ కలుపుకునే, పెన్షన్‌తో ఇల్లు గడుస్తుందని నరసమ్మకు మాటిచ్చాడు.

"పెన్షనూ అంతే. బత్తెం లెక్కకు రాదు, ఓవర్‌టైమూ రాదు. పోయినేడు బేసిక్‌లో కలిపిన కరువు భత్యం వస్తాది. ఆఖరి మూడేండ్ల సగటు తీసి ఎనిమిది పాళ్ళు చేస్తారు. నీ మాదిరి ముప్పై ఏండ్లు చేసినోనికి అందులో మూడు పాళ్ళు. ఇప్పుడే చేరితే మూడేండ్లూ కొత్త బేసిక్కే. జాగు చేసే కొద్దీ సగటు తగ్గుతాది."

"పదికి ఎంతొస్తాది?"

"మూడు రూపాయల ముప్పావలా. నెలనెలా, నువ్వు బతికినన్నాళ్ళూ."

శంకరప్ప ఏమీ రాసివ్వకుండా లేచాడు. పెనుకొండకు ఖాళీ సంచితో చేరాడు.

"నీకు తప్పు లెక్క చెప్పినానే," అన్నాడు గుమ్మంలో. అంతా వివరించాడు. "చేరితే ఇంగ సంచి నిండదు. చేరకుంటే ముసలితనంలో కుండ నిండదు."

నరసమ్మ సంచి అందుకుని మేకుకు తగిలించింది.

"ఏమయ్యో, నేను ఇన్నేండ్లూ చింతపండు కోసమా వాకిట్లో కూసున్నది? ఇల్లిడిసి ఉన్నందుకు నీకు బత్తెమిచ్చినారు. ఒంటిగా ఉన్నందుకు నాకెవరిచ్చినారు?"

నరసమ్మ వాకిట్లోనే కూర్చుంది. శంకరప్ప వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఆడ ధర్మవరంలో క్వార్టరు ఇస్తారంట," అన్నాడు.

"అయితే రోలు కూడా తీస్కపోదాం."

మరునాడు పొద్దున సంచిని మేకుకే వదిలి, స్టేషన్‌కు నడిచాడు. తన డ్యూటీ కాకపోయినా పట్టాలు కలిసిన చోట వంగి వేలు పెట్టి చూశాడు. మొదటి బండికి ధర్మవరం వెళ్ళి, ప్రమోషన్‌కు ఒప్పుకుంటున్నానని సంతకం చేశాడు.