గోదెలీవె గారి కార్డుల పెట్టె

పేర్ల విషయంలో మా గోదెలీవె గారికున్నంత చాదస్తం నేనింకెవరిలోనూ చూడలేదు. హాలండ్‌లోని లైడెన్‌లో కాలవ గట్టు మీద మా ప్రచురణ సంస్థ ఉంది. అందులో ముప్పై ఒక్కేళ్ళుగా ఆమె పని ఒకటే. పుస్తకం అచ్చుకు వెళ్ళే ముందు, అందులో ఉన్న ప్రతి మనిషి పేరూ సరిగ్గా ఉందో లేదో చూడటం. వినడానికి ఇదేం పని అనిపిస్తుంది. మొదట నాకూ అనిపించింది. ఆమె ఎదురు బల్ల దగ్గర పదకొండేళ్ళు కూర్చున్నాక అలా అనే వాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఆమెది బెల్జియం. ఎక్లో అనే ఊరు. డచ్చి భాషే మాట్లాడినా వాళ్ళ బెల్జియం వైపు ఫ్లెమిష్ యాస ఒక్క పిసరు కూడా వదల్లేదు. మా వాళ్ళు ఆ యాస విని నవ్వుకునేవారు. ఆమె లెక్క చేసేది కాదు. కాఫీ పదిన్నరకు, దాంతో ఒకటే బిస్కెట్, ఆ బిస్కెట్ డబ్బా మూత పెట్టేశాక మళ్ళీ తీసేది లేదు.

కిటికీ పక్కన ఒక చెక్క పెట్టె ఉండేది. దానికి ఇరవై ఆరు చిన్న సొరుగులు, అక్షరానికొకటి. ఒక రచయిత పేరు మొదటిసారి మా పుస్తకంలోకి వచ్చిందంటే ఆమె ఆ మనిషికి ఒక కార్డు పంపేది. దాని మీద ఒకటే ప్రశ్న: "మీ పేరు మీరు ఎలా రాసుకుంటారు?" కార్డు తిరిగి వచ్చాక తగిన సొరుగులో పెట్టేది. ఇక ఆ మనిషి పేరు మీద వాదన ఉండేది కాదు.

నేను చేరిన కొత్తలో అడిగాను, "ఇంత తతంగం ఎందుకండీ? ఏదో ఒక నియమం పెట్టుకుంటే పోలా?"

"ఏ నియమం, తల్లీ?" అంది. "మీ హాలండ్ వాడి ఇంటిపేరుకి ముందు 'వాన్' ఉందనుకో. సొంత పేరో పొడి అక్షరమో ముందుంటే చిన్న వి. ఇంటిపేరు ఒక్కటే ఉంటే పెద్ద వి. పుస్తకం చివరి జాబితాలో 'వాన్'ని వెనక్కి నెట్టి, అసలు మాట ఏ అక్షరంతో మొదలైతే అక్కడ వెతకాలి. మా బెల్జియం వాడికి గుర్తింపు కార్డు మీద ఎలా ఉంటే అలాగే, ఎక్కడైనా సరే. పెద్ద వి అయితే పెద్ద వి, జాబితాలోనూ వి దగ్గరే. ఫ్రాన్సు వాడి 'దె' చిన్నది, జాబితాలో దాన్ని పట్టించుకోరు. వాడి 'లా' మాత్రం పెద్దది, దాన్ని వదలకూడదు. స్కాట్లండ్ వాడి 'మాక్' అయితే ఆ దేవుడికే తెలియాలి."

ఎం సొరుగు లాగి రెండు కార్డులు చూపించింది. ఇద్దరూ మక్లౌడ్‌లే, పినతండ్రి పెదతండ్రి బిడ్డలు. ఒకాయన మాక్ తర్వాత ఎల్ పెద్దగా రాశాడు. రెండో ఆయన చిన్నగా రాసి, కింద "మా వాడితో నన్ను కలపొద్దు, మా మధ్య మాటల్లేవు" అని చేర్చాడు.

"ఇప్పుడు చెప్పు, ఏ నియమం పెడదాం?" అంది.

ఈ కార్డుల అలవాటు ఆమెకు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, ఆకీల్ దె పావ్ అనే ఫ్లెమిష్ పెద్దమనిషి నదుల వరదల మీద రాసిన పుస్తకం ఆమె చేతికొచ్చింది. ఇక్కడి పద్ధతే పద్ధతనుకుని ఆయన 'దె'లో పెద్ద డిని చిన్నది చేసేసింది. పుస్తకం అచ్చయింది. ఆయన రైలెక్కి బెల్జియంలోని గెంట్ నుంచి ఇంతదూరం వచ్చి, ఆ పుస్తకాన్ని ఆమె బల్ల మీద పడేశాడు.

"అమ్మా, మా నాన్న పడవల మీద బొగ్గు మోసేవాడు. మా దేశంలో చిన్న డి పెట్టుకునేది జమీందార్లు. ఊళ్ళో వాళ్ళంతా నన్ను 'దొరగారూ' అని వెక్కిరిస్తున్నారు. మీరూ అక్కడి పిల్లే కదా, మీకు తెలీదా?"

తెలుసు. తెలిసీ చేసింది, కొత్త ఊళ్ళో కొత్త ఉద్యోగం కాబట్టి. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆమె ముఖం ఎర్రబడేది. తర్వాత వాళ్ళిద్దరూ స్నేహితులయ్యారు, ఏటా కొత్త సంవత్సరానికి ఉత్తరాలు రాసుకునేవారు.

ఆ ఆకీల్ గారు పోయిన వసంతంలో చనిపోయారు. ఆయన స్మారకంగా హాలండ్, బెల్జియం పండితులు కలిసి ఒక పెద్ద పుస్తకం తలపెట్టారు. నాలుగు వందల పేజీలు, చివర తొమ్మిది వందల ఆధార గ్రంథాల జాబితా. శుక్రవారం మధ్యాహ్నానికి అచ్చుకు వెళ్ళాలి.

సోమవారం మా కొత్త అధికారి రోడెరిక్ వాన్ ఎల్డెన్ చంకలో కంప్యూటరు పెట్టుకుని వచ్చాడు.

"గోదెలీవె గారూ, ఇక మీకు శ్రమ లేదు. కొత్త ప్రోగ్రామ్ కొన్నాం. వాన్, దె, మాక్, అన్నీ ఒకే రకంగా చేసేశాను. అరగంట పట్టింది. ఆ పెట్టె కూడా తీసేద్దాం, అక్కడ ప్రింటర్ పెట్టుకోవచ్చు."

ఆమె కాగితాలు తిరగేసింది. నేనూ వెనక నుంచి చూశాను. నా తల తిరిగిపోయింది. ప్రతి వానూ, ప్రతి దె కూడా చిన్నదైపోయింది. వాక్యం మొదట్లో ఉన్నవి కూడా! మక్లౌడ్‌లిద్దరూ ఒక్కటైపోయారు. మాటల్లేని వాళ్ళని ఒకే మంచం మీద పడుకోబెట్టాడు మా దొర.

"మీ తలుపు మీద బోర్డు చూసుకున్నారా?" అంది ఆమె. "'శ్రీ వాన్ ఎల్డెన్' అని పెద్ద విలోనే ఉంది. దాన్నీ చిన్నది చేయించండి మరి."

"అది వేరు," అన్నాడతను.

"మీది ఎప్పుడూ వేరే. ఊళ్ళో వాళ్ళవే ఒకే రకం."

అతనికి కోపం వచ్చింది. "చూడండి, ఇదంతా ఎవరూ చదవరు. శుక్రవారం పుస్తకం వెళ్ళాలి. ఉన్నదున్నట్టు పంపిద్దాం."

గోదెలీవె గారు లేచి నిలబడింది. మా పుస్తకాల చివరి పేజీలో 'పేర్ల పరిశీలన' అని ఆమె పేరు వేస్తాం. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్క పుస్తకానికీ తప్పలేదు. మాకు జీతం తప్ప గౌరవమంటే ఆ ఒక్క పంక్తే.

"అయితే ఈ పుస్తకంలో నా పేరు తీసేయండి. ఆకీల్ గారి పేరు రెండోసారి పాడు చేసి, కింద నా పేరు వేసుకోలేను."

"తీసేద్దాం. మార్లేన్, తీసెయ్." అనేసి వెళ్ళిపోయాడు.

మార్లేన్ అంటే నేనే. నా ఇంటిపేరు కౌపెర్స్, ముందూ వెనకా తోకల్లేవు. "నువ్వు పుట్టుకతోనే అదృష్టవంతురాలివి" అని ఆమె ఆటపట్టించేది. ఆ రోజు నా చేత్తోనే ఆమె పేరు చెరిపాను. ఉడుకుమోత్తనం ఆపుకోలేక, అతను పాడుచేసింది నేనే బాగుచేస్తానని కంప్యూటరు ముందు కూర్చుని, చిన్న వాన్‌లన్నీ పెద్దవి చెయ్యమని ఆజ్ఞ ఇచ్చాను. మా భాషలో 'వాన్' అంటే 'యొక్క' అని కూడా అర్థం. నాలుగు వందల పేజీల్లో ఉన్న ప్రతి 'యొక్క'కూ పెద్ద వి వచ్చింది.

గోదెలీవె గారు చూసి కుర్చీలో కూలబడింది. "వాడు అరగంటలో చేసిన నాశనం నువ్వు అర నిమిషంలో చేశావు," అంది. నేను చెయ్యి పెట్టకముందు ప్రతి దొరికింది కాబట్టి బతికిపోయాను.

బుధవారం ఆకీల్ గారి కూతురు లుట్‌హార్ట్ ఫోన్ చేసింది. అధికారి ఆమెకు జాబితా ముందే పంపాడట, మెప్పు కోసం. స్పీకర్‌లో ఆమె గొంతు గదంతా వినిపించింది.

"అయ్యా, మా నాన్న ఒక్కడా, ఇద్దరా? డి దగ్గర మూడు వ్యాసాలున్నాయి, పి దగ్గర పదకొండున్నాయి. నలభై ఏళ్ళు వరదలో నిలబడి రాసిన మనిషిని రెండు ముక్కలు చేసి రెండు చోట్ల పాతిపెట్టారు. ఇలా ఉంటే ఈ పుస్తకాన్ని నా చేతుల మీదుగా ఆవిష్కరించను."

వాన్ ఎల్డెన్ ముఖం పాలిపోయింది. కొందరు రచయితలు 'దె పావ్'ని ఒకే మాటగా కలిపి టైపు చేయడంతో ప్రోగ్రామ్ వాటిని వేరే మనిషనుకుందని ఏదో గొణిగాడు. ఫోన్ పెట్టాక మా వైపు చూడకుండానే అన్నాడు, "పెట్టె తెరవండి. శుక్రవారం పన్నెండు గంటల లోపు."

ధన్యవాదాలూ లేవు, క్షమాపణా లేదు. సరే, అతని దగ్గర అవి ఉంటే కదా.

రెండు రోజులు కూర్చున్నాం. ఆమె కార్డు తీసి చదివేది, నేను దిద్దేదాన్ని. రొట్టె, జున్ను బల్ల దగ్గరే తిన్నాం. ఆకీల్ గారి పద్నాలుగు వ్యాసాలూ డి దగ్గర ఒక్క వరసలో నిలబడ్డాయి. మక్లౌడ్‌లు విడిపోయారు. శుక్రవారం పదకొండింటికి నేను చివరి పేజీ తెరిచి, చెరిపేసిన పంక్తిని మళ్ళీ టైపు చేశాను. ఎప్పట్లాగే చిన్న డితో, గోదెలీవె దె మోల్దెర్. అచ్చు తీసి ఆమె ముందు పెట్టాను.

ఆమె పెన్సిలు ఎత్తింది. కాసేపు చూసింది. పెన్సిలు కింద పెట్టేసింది. "బాగుంది," అంది.

నాకు అలసటతో నవ్వొచ్చి, సరదాకి పెట్టె పక్కనున్న ఖాళీ కార్డు ఒకటి ఆమె ముందుకు తోశాను. "మీ పేరు మీరు ఎలా రాసుకుంటారండీ?"

ఆమె నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని నెమ్మదిగా రాసింది. పెద్ద డి. దాని కింద రెండు గీతలు.

బెల్జియం మనిషి. యాస వింటున్నాను, నియమం ఆమె నోటే విన్నాను, పదకొండేళ్ళుగా ఆమె పేరు నేనే టైపు చేస్తున్నాను. జీతం కాగితం మీద చిన్న డి. ఉత్తరాల అరల్లో ఆమెది ఎం దగ్గర.

"ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను. కోపంగానే అన్నాను, ఎవరి మీదో తెలీదు.

"మొదటి ఏడు చెప్పాను. 'ఇక్కడ ఇలాగే' అన్నారు. ఆ తర్వాత ఎవరైనా అడుగుతారేమో అని చూశాను." కార్డు నా చేతికిచ్చింది. "పుస్తకం బల్ల మీద పడేసిన రోజు ఆకీల్ గారు వెళ్తూ వెళ్తూ చివరి పేజీ తెరిచి నా పేరు చూశారు. 'పాపం, మిమ్మల్నీ దొరసానిని చేశారా?' అన్నారు. అప్పుడే ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు కోసమే ఆయనకి ఏటా ఉత్తరం రాసేదాన్ని."

టైము పదకొండూ నలభై. నేను పెద్ద డి కొట్టి పుస్తకం పంపేశాను. తర్వాత డి సొరుగు లాగి కార్డు పెట్టాను. దె మేయ్ అనే ఒకాయన కార్డు ముందుకు జరిగింది, ఆమె కార్డు వెనకే ఆకీల్ గారిది.

సొరుగు మూస్తుంటే వాన్ ఎల్డెన్ తలుపులోంచి తొంగి చూసి, ప్రింటర్ ఎక్కడ పెడదామని అడిగాడు. గోదెలీవె గారు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పింది. అది మాత్రం ఇక్కడ రాయను.