మెడలో స్కానరున్న డాక్టరు

బండ్లు బాగుచేసే షెడ్డులో అందరూ అతన్ని డాక్టరు అంటారు. ఇంజిన్ లోపాలు చదివే స్కానర్ కొన్న రోజు నుంచి దాని వైరు మెడలో వేసుకునే తిరుగుతాడు మరి. ఎవరూ అడక్కపోయినా, "చెయ్యి పెట్టకుండా జబ్బు చెప్పేస్తా" అనేవాడు. తన గొప్ప తానే చెప్పుకోవడంలో అతనికి మొహమాటం బొత్తిగా లేదు.

అతని వదిన వ్యాను నడుపుతుంది. డయాలసిస్ రోగుల్ని ఆసుపత్రికి చేరుస్తుంది. ఇంజిన్ లైటు వెలిగితే రెండుసార్లు అతని దగ్గరికే వచ్చింది. స్కానర్ P0171 అనే కోడ్ చూపింది, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఆ సంగతి చెప్పేది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి డాక్టరుగారు దాన్నే పీకి కొత్తది వేశాడు. కోడ్ చెరిపాడు. లైటు మళ్లీ వెలిగితే, "మీరు తొక్కే తీరు అలాంటిది వదినా" అని తప్పు ఆవిడ మీదికి తోసి, మళ్లీ చెరిపాడు.

మూడోసారి ఆవిడ మొహం మాడ్చుకుని వచ్చింది.

"రేపు పొద్దున్న బండి తనిఖీ. లైటు వెలిగి ఉంటే నా వ్యాను పక్కన పెట్టేస్తారు. ఆరుగురు నా కోసం ఎదురుచూస్తుంటారు మరిదీ. ఇంతకీ ఆ సెన్సర్ పాడైందని నీ యంత్రం చెప్పిందా, నువ్వనుకున్నావా?"

డాక్టరు స్కానర్ వైపు చూశాడు. నిజానికి యంత్రం ఏ సామాను పేరూ చెప్పలేదు. గాలి, పెట్రోలు లెక్క ఎక్కడో తప్పిందని మాత్రమే అంది. ఇంట్లో దొంగపడ్డాడని అరిచినవాణ్ణే పట్టుకుని బయటికి గెంటాడు తను.

సిగ్గుపడుతూ ఈసారి అంకెలు చూశాడు. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు కంప్యూటరు ఇరవై నాలుగు శాతం అదనంగా పెట్రోలు పోస్తోంది. రేస్ పెంచితే అది ఆరుకి పడిపోయింది. పెట్రోలు పంపు బలహీనమైతే రేస్ పెంచినకొద్దీ పెరగాలి గాని తగ్గదు. అంటే లెక్కకి రాని గాలి ఎక్కడినుంచో చొరబడుతోంది. అతను రబ్బరు గొట్టాల్ని ఒక్కొక్కటే పట్టకారుతో నొక్కుతూ పోయాడు. ఇంజిన్ వెనక వేలెడంత గొట్టం నొక్కగానే ఇంజిన్ వణుకు ఆగింది, ఆ ఇరవై నాలుగు కిందికి దిగింది. గొట్టం అడుగున చీలిక, చూస్తే కనపడదు, తడిమితే వేలికి తగులుతుంది.

చెయ్యి పెట్టకుండా చెప్పేస్తానన్న మాట గుర్తొచ్చి తనలో తనే నవ్వుకున్నాడు.

కొత్త గొట్టం బిగించి, ఊరంతా తిప్పి, లైటు రాలేదని నమ్మకం కుదిరాకే వ్యాను అప్పగించాడు. "వదినా, తప్పు మీ కాలిది కాదు. సెన్సర్‌దీ కాదు. అది మొదటి రోజునుంచీ నిజమే చెబుతోంది."

"మరి ఎవరిది?"

డాక్టరు మెడలోంచి వైరు తీసి పెట్టెలో పెట్టాడు.

"విన్నవాడిది. క్షమించండి."

మర్నాడు తొమ్మిదింటికి ఫోను మోగింది. వదిన గొంతు వెనక ఎవరో దగ్గుతున్నారు, ఎవరో నవ్వుతున్నారు.

"ఆరుగురూ ఎక్కారు మరిదీ," అంది ఆవిడ.